డబ్బా వెనకవైపు ఏముందో చూడు

చి. వంశీకి,

వాట్సాప్‌లో నువ్వు పంపిన రెండు క్రియాటిన్ డబ్బాల ఫొటోలు చూశాను. జీడిమెట్లలో మందుల కంపెనీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి కదా, లేబుల్ కనబడితే చదవకుండా ఉండలేను.

ముందు మామిడి ఫ్లేవర్ డబ్బా సంగతి. మొత్తం 300 గ్రాములు, స్కూపు 10 గ్రాములు. వెనక పట్టికలో మాత్రం స్కూపుకి క్రియాటిన్ మోనోహైడ్రేట్ 3 గ్రాములే అని ఉంది. మిగతా ఏడు గ్రాములేమిటో కింద ఇంగ్రీడియెంట్స్‌లో దొరికింది. బరువు ఎక్కువున్నది ముందు రాయాలని రూలు. అక్కడ మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండి నుంచి తీసిన చవక పొడి. డబ్బా మొత్తానికి నీ చేతికొచ్చే క్రియాటిన్ మోనోహైడ్రేట్ 90 గ్రాములు. రెండోది ఫ్లేవర్ లేనిది, 250 గ్రాములు. స్కూపు 3 గ్రాములు, మోనోహైడ్రేటూ 3 గ్రాములే. ధరను డబ్బాతో కాదు, లోపలున్న క్రియాటిన్ గ్రాములతో భాగించి చూడు.

ఒక్కోచోట 3 గ్రాముల స్కూపుకి క్రియాటిన్ 2.64 గ్రాములని ఉంటుంది. అది మోసం కాదు. మోనోహైడ్రేట్‌లో 12 శాతం దాకా నీరే. 'బ్లెండ్' అని మొత్తం బరువు మాత్రమే వేసి దేనిదెంతో చెప్పని డబ్బాని మాత్రం ముట్టుకోకు.

ఇక శుద్ధత. ముందువైపు '100% ప్యూర్' అన్నది కంపెనీ తన గురించి తాను చెప్పుకున్న మాట. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు లైసెన్సుది, జీఎంపీ ముద్ర తయారీ పద్ధతికి. రెండూ నీ చేతిలోని పొడిని పరీక్షించినట్టు కాదు. సరిగా శుద్ధి చేయని క్రియాటిన్‌లో డైసయాండయామైడ్, డైహైడ్రోట్రయజిన్ లాంటివి మిగులుతాయి, అవి లేబుల్ మీద ఎవరూ రాయరు. ల్యాబ్ రిపోర్టులోనే తెలియాలి.

బయటి ముద్రల్లోనూ తేడా ఉంది. ఇన్‌ఫార్మ్డ్ స్పోర్ట్ ముద్ర నిషేధిత పదార్థాల కోసం ప్రతి బ్యాచ్‌నీ పరీక్షించారని చెబుతుంది, క్రియాటిన్ ఎంతుందో చెప్పదు. ఎన్ఎస్ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ అయితే లేబుల్‌పై రాసినంత ఉందా లేదా అన్నదీ చూస్తుంది. ముద్ర ఎవరైనా అచ్చేయొచ్చు కాబట్టి వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ ఉత్పత్తి పేరు వెతుకు, బ్యాచ్ నంబరు చూపిస్తుంటే అదీ సరిచూడు.

రెండో డబ్బా కంపెనీ క్యూఆర్ కోడ్‌తో ఇచ్చిన రిపోర్టు నేనూ తెరిచాను. బయటి ల్యాబ్‌దే, బాగానే ఉంది. కానీ దాని మీది బ్యాచ్ నీ డబ్బాది కాదు, పరీక్ష తేదీ కూడా నీ డబ్బా తయారైన తేదీకి ఏడు నెలల ముందుది. కింద చిన్నక్షరాల్లో 'ఫలితాలు పంపిన శాంపిల్‌కే వర్తిస్తాయి' అని ఉంది. శాంపిల్ పంపింది కంపెనీయే. మా ల్యాబ్‌లోనైతే ఇలాంటి కాగితం నా టేబుల్ దాటేది కాదు.

కంపెనీకి మెయిల్ పెట్టి, డబ్బా అడుగున ఉన్న బ్యాచ్ నంబరు రాసి, దాని రిపోర్టే అడుగు. క్రియాటిన్ శాతంతోపాటు పైన చెప్పిన మలినాలు, సీసం, ఆర్సెనిక్ అంకెలూ ఉండాలి. వచ్చాక నాకు పంపు, అప్పటిదాకా సీలు తీయకు.

మీ మామయ్య