శ్రావణం సేల్ వీడియోలో తొందర ఎలా చెప్పాలి

అమ్మలూ,

నువ్వు పంపిన వీడియో స్క్రిప్టు చదివాను. చీరల గురించి చెప్పిన ముక్క బాగుంది. "త్వరపడండి", "ఈ ఒక్కరోజే", "మళ్లీ రాదు ఈ అవకాశం" అన్న మూడూ తీసెయ్. ఈ నెలలో ప్రతి దుకాణమూ ఆ మాటలే అంటుంది, వినేవాళ్లు అక్కడే వేలితో పైకి జరిపేస్తారు. పైగా నీ రీలు ఒకరికి ఈరోజు కనిపిస్తే ఇంకొకరికి నాలుగు రోజుల తర్వాత కనిపిస్తుంది. వాట్సాప్‌లో ఎవరైనా పంపితే ఇంకా ఆలస్యం. అప్పుడు "ఈరోజే" అన్న మాట అబద్ధమైపోతుంది.

తొందర నువ్వు పుట్టించనక్కర్లేదు, వరలక్ష్మీ వ్రతం దగ్గరే ఉంది. చీర వచ్చాక జాకెట్టు కుట్టించాలి, ఫాల్, పీకో వేయించాలి. శ్రావణంలో టైలర్లు వారం పైనే అడుగుతారు. కొనేవాళ్లకి నిజంగా గడువు పెట్టేది టైలరే. అందుకని వ్రతం రోజు నుంచి వెనక్కి లెక్క వెయ్యి. వ్రతం శుక్రవారం. జాకెట్టు బుధవారానికి చేతిలో ఉండాలి, సరిపోకపోతే దిద్దించుకోవడానికి ఒకరోజైనా కావాలి కదా. కుట్టడానికి ఎనిమిది రోజులు వేసుకుంటే చీర అంతకుముందు మంగళవారానికి ఇంటికి చేరాలి. మన రెండు రాష్ట్రాల్లో కొరియర్‌కి నాలుగు రోజులు అనుకుంటే వ్రతానికి సరిగ్గా రెండు వారాల ముందు శుక్రవారం ఆర్డరు పడాలి. నీ గడువు అదే. నీ కొరియర్ వాళ్లని అడిగి ఆ నాలుగు రోజులు నిజమో కాదో ముందే తేల్చుకో. వీడియోలో "వచ్చే శుక్రవారం" అనకు, తేదీ చెప్పు, తెర మీద కూడా వెయ్యి.

మాటలు ఇలా ఉంటే బాగుంటుందనిపించింది:

"ఇవి మంగళగిరి పట్టు చీరలు, నిజాం అంచు. మామూలుగా 2,850. ఆషాఢంలో నేతగాళ్ల దగ్గర ఒకేసారి నలభై తీసుకున్నాం, అందుకే ఈ నలభై వరకు 2,400. వరలక్ష్మీ వ్రతానికి కట్టుకోవాలంటే జాకెట్టు కుట్టించాలి కదండీ, ఈ నెలలో టైలర్లకి వారం పైనే పడుతుంది. ఈ తేదీలోపు ఆర్డరు పెడితే మంగళవారానికి చీర మీ ఇంట్లో ఉంటుంది. తర్వాత పెట్టినా పంపిస్తాం, కానీ వ్రతానికి జాకెట్టు అందుతుందని మాట ఇవ్వలేం."

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ చివరి వాక్యం. అది తీసేయాలనిపిస్తుంది, అమ్మకం పోతుందేమోనని. తీయకు. గడువు దాటాక కొంటే ఏమవుతుందో నువ్వే చెబితే, ముందు చెప్పిన తేదీ కూడా నిజమేనని నమ్ముతారు. వ్రతంతో పని లేనివాళ్లు నిదానంగా కొనుక్కుంటారు, వాళ్లూ మనవాళ్లే.

2,850 అన్న ధరకి నువ్వు నిజంగా అమ్మి ఉండాలి. తగ్గించి చూపడానికే పెంచిన అంకె అయితే పోయినసారి కొన్నవాళ్లే కామెంట్లలో అడుగుతారు. తగ్గింపుకి కారణం ఒక్క వాక్యంలో చెప్పు, అంతకు మించి వివరిస్తే సంజాయిషీలా వినిపిస్తుంది.

నలభై అన్నావు కాబట్టి లెక్క రంగుల వారీగా రాసుకో. ముదురు ఆకుపచ్చ అయిపోగానే కింద మొదటి కామెంటులో "ఆకుపచ్చ అయిపోయింది, వంగపండు రంగు నాలుగున్నాయి" అని పెట్టు. ఆ చిన్న కామెంటు చేసినంత పని ఏ హెచ్చరికా చేయదు. అవే రంగులు మళ్లీ నేయిస్తే "మళ్లీ వచ్చాయి" అని కొత్త వీడియో చెయ్యి, పాత "నలభై వరకు" వీడియో తీసెయ్. లేని కొరత చూపించడం చట్టం దృష్టిలోనూ తప్పే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు పద్ధతులు చెప్పారు, వాటిలో మొదటిది తప్పుడు తొందర పెట్టడమే. ఆ నియమాలు పెద్ద ఆన్‌లైన్ కంపెనీలతో పాటు అమ్మేవాళ్లకీ వర్తిస్తాయి.

చదివేటప్పుడు గడువు దగ్గర గొంతు పెంచకు. పక్కింటి ఆవిడకి చెప్పినట్టు, ధర చెప్పిన వేగంతోనే తేదీ చెప్పు. ఆ సమయంలో కెమెరా నీ ముఖం మీద వద్దు, అంచు జరీ మీద ఉండనీ. వెనక పాట కూడా అక్కడ తగ్గించు. గడియారం పెట్టుకుని పైకి చదువు, నిమిషం దాటితే టైలర్ సంగతి మాత్రం కొయ్యకు, రంగుల పొగడ్తలు కొయ్యి.

అమెరికాలో ఉన్నవాళ్ల కోసం ఇదే వీడియో వాడొద్దు. వాళ్లకి పార్శిలు రోజులు వేరు, తేదీ వేరు. వాళ్లకి విడిగా ఇంకోటి చెయ్యి, ఆ స్క్రిప్టు కూడా పంపు, చూస్తాను.

మీ పెద్దమ్మ