రెండు గీతలు దాటిన చోట ఏం జరిగింది?

ప్రశ్న: సర్, నేను డిగ్రీ ఫైనలియర్. పెర్ఫార్మెన్స్ మార్కెటింగ్ అనలిస్ట్ ఇంటర్వ్యూలో ఎనిమిది వారాల యాడ్ డేటా ఇచ్చి రిపోర్ట్ చేయమన్నారు. ఖర్చు ఎడమ యాక్సిస్ మీద, కన్వర్షన్లు కుడి యాక్సిస్ మీద పెట్టి ఒకే చార్ట్‌లో రెండు గీతలు గీశాను. "ఆరో వారం తర్వాత ఈ గీతలు ఒకదాన్నొకటి దాటాయి, అక్కడ ఏం జరిగింది?" అన్నారు. నష్టం మొదలైందని చెప్పాను. తర్వాత రెండు యాడ్ల సీటీఆర్ బార్ చార్ట్ చూసి "దీని సున్నా ఎక్కడ?" అన్నారు. సెలెక్ట్ కాలేదు. షీట్ పంపిస్తున్నా. చార్టులు నీట్‌గానే ఉన్నాయి కదా, తప్పెక్కడ?

జవాబు: అక్కడ ఏమీ జరగలేదు. వాళ్ళు వినాలనుకున్న జవాబు అదే.

మీ చార్ట్‌లో ఎడమ యాక్సిస్ సున్నా నుంచి 70 వేల దాకా ఉంది, కుడిది సున్నా నుంచి 300 దాకా. ఆ 300ని ఒక్కసారి 250 చేసి చూడండి. కన్వర్షన్ల గీత మొత్తం పైకి లేచిపోయి ఖర్చు గీతని ఎక్కడా తాకదు. డేటాలో ఒక్క అంకె మారలేదు, కానీ మీరు చెప్పిన "నష్టం మొదలైన వారం" మాయమైపోయింది. ఖర్చు డబ్బు, కన్వర్షన్లేమో యాడ్ క్లిక్ చేసి మనుషులు చేసిన కొనుగోలు లాంటి పనుల లెక్క, ఈ రెండూ ఒకే ఎత్తులో కలిశాయంటే అది కేవలం రెండు స్కేళ్ళు అలా కుదిరినందువల్ల. కానీ చూసేవాళ్ళ కన్ను ఊరుకోదు, రెండు గీతలు దాటాయంటే ఏదో అర్థం ఉందనుకుంటుంది. మీ కన్ను కూడా అలాగే అనుకుంది, అందుకే కథ చెప్పేశారు.

ఇంకో రకంగా కూడా చూడండి. ఎడమ యాక్సిస్ 35 వేల నుంచి 65 వేల దాకా, కుడిది 190 నుంచి 250 దాకా పెడితే రెండు గీతలూ ఒకేచోట మొదలై పక్కపక్కనే ఎక్కుతూ పోతాయి, చివరికి కన్వర్షన్లే కాస్త పైన ఉంటాయి. క్లయింట్ చూసి "పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం వస్తోంది, ఇంకా పెంచండి" అంటాడు. కుడి యాక్సిస్‌ని సున్నా నుంచి 500 చేస్తే కన్వర్షన్ల గీత దాదాపు పడుకుని ఉంటుంది, అదే క్లయింట్ యాడ్స్ ఆపేయమంటాడు. రెండు యాక్సిస్‌ల చార్ట్‌తో ఉన్న ఇబ్బంది ఇదే, స్కేల్ గీసేవాడి చేతిలో ఉంటుంది కాబట్టి కథ కూడా వాడి చేతిలోనే ఉంటుంది. మీరు కావాలని చేయకపోయినా, సాఫ్ట్‌వేర్ తనంతట తాను స్కేల్ పెట్టినా ఫలితం అంతే.

మరి మీ డేటాలో అసలు విషయం ఏంటి? మొదటి వారం ఖర్చు 40 వేలు, కన్వర్షన్లు 200. ఎనిమిదో వారం ఖర్చు 60 వేలు, కన్వర్షన్లు 244. ఖర్చు 50 శాతం పెరిగితే కన్వర్షన్లు 22 శాతమే పెరిగాయి. ఒక్కో కన్వర్షన్‌కి పడే ఖర్చు, అంటే సీపీఏ, 200 నుంచి దాదాపు 246కి చేరింది. ఇక్కడితో ఆగకండి. అదనంగా పెట్టిన 20 వేలకి వచ్చిన అదనపు కన్వర్షన్లు 44 మాత్రమే, అంటే ఆ కొత్త కన్వర్షన్లు ఒక్కోటి దాదాపు 455కి పడ్డాయి. సగటు సీపీఏ 246 చూసి "కాస్త పెరిగిందిలే" అనుకునేవాడికి ఈ 455 కనిపించదు. బడ్జెట్ ఇంకా పెంచాలా వద్దా అనే నిర్ణయం మాత్రం దీని మీదే ఆధారపడుతుంది. మీ చార్ట్‌లో ఈ సంగతి ఎక్కడా లేదు. "నష్టం" అన్నారు గానీ, ఒక కన్వర్షన్ విలువ ఎంతో తెలియకుండా ఆ మాట అనలేం. విలువ 600 అయితే 455 కూడా లాభమే.

దీన్ని చూపించడానికి నేనైతే ముందు రెండు చిన్న చార్టులు ఒకదాని కింద ఒకటి పెడతాను. పైన ఖర్చు, కింద కన్వర్షన్లు, వారాలు నిలువునా ఒకే వరుసలో, రెండూ సున్నా నుంచే. రెండు కొలతలు ఒకేసారి కదిలాయా లేదా అన్నది తెలుస్తుంది, లేని పోలిక మాత్రం పుట్టదు. ఎవరైనా "రెండూ ఒకే చార్ట్‌లో కావాలి" అని పట్టుబడితే మొదటి వారాన్ని 100 అనుకుని రెండింటినీ ఇండెక్స్ చేయండి. ఖర్చు B కాలమ్‌లో ఉంటే ఫార్ములా ఇంతే, కన్వర్షన్లకి కాలమ్ అక్షరం మార్చుకోండి:

```
=B2/B$2*100
```

ఇప్పుడు రెండింటికీ ఒకే యాక్సిస్ చాలు. ఖర్చు 100 నుంచి 150కి వెళ్తుంది, కన్వర్షన్లు 100 నుంచి 122కి, మధ్యలో ఖాళీ వారం వారం పెరుగుతూ పోతుంది. ఇక్కడ ఆ ఖాళీకి నిజంగానే అర్థం ఉంది. ఒకటే జాగ్రత్త, మొదటి వారం సేల్ వారమో, ట్రాకింగ్ పాడైన వారమో అయితే చార్ట్ అంతా దాని మీద వంకరగా నిలబడుతుంది, అలాంటప్పుడు మొదటి నాలుగు వారాల సగటుని 100 చేసుకోవడం మేలు.

కానీ ప్రశ్న "డబ్బు పెంచితే ఫలితం ఎంత పెరిగింది" అయితే అన్నిటికన్నా తిన్నగా చెప్పేది స్కాటర్ ప్లాట్. అడ్డంగా ఖర్చు, నిలువుగా కన్వర్షన్లు, వారానికో చుక్క. చుక్కలు పైకి ఎక్కుతూనే వాలు తగ్గించుకుంటూ పోతే తగ్గుతున్న రాబడి కంటికి కనిపిస్తుంది. చుక్కల పక్కన వారం నంబర్ వేయడం మర్చిపోకండి, లేకపోతే ఏది ముందు ఏది తర్వాత అన్నది పోతుంది. ఎనిమిది చుక్కలతో గొప్ప సిద్ధాంతాలు చేయొద్దు కూడా, ఖర్చు పెరిగిన వారాల్లోనే పోటీ పెరిగి ఉండొచ్చు, సీజన్ మారి ఉండొచ్చు.

సీపీఏని విడిగా లైన్ చార్ట్‌గా వేస్తే చివరి వారం దగ్గర ఒక తిరకాసు ఉంటుంది. గూగుల్ యాడ్స్‌లో మామూలు కన్వర్షన్ల కాలమ్, కొనుగోలు జరిగిన రోజుకి కాకుండా ఆ క్లిక్ పడిన రోజుకి లెక్క కడుతుంది. నిన్న క్లిక్ చేసి వచ్చే వారం కొనేవాళ్ళు ఇంకా లెక్కలోకి రాలేదన్నమాట. అందుకని తాజా రోజుల్లో సీపీఏ ఎప్పుడూ ఉన్నదానికన్నా కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. ఆ భాగాన్ని చుక్కల గీతగా వేసి "ఇంకా పూర్తి కాలేదు" అని రాయండి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట అంటే మీరు నిజంగా డేటా ముట్టుకున్నవాళ్ళని వాళ్ళకి అర్థమవుతుంది.

ఇక సున్నా సంగతి. మీ రెండు యాడ్ల సీటీఆర్, అంటే యాడ్ కనిపించిన సార్లలో క్లిక్ పడిన శాతం, 1.9, 2.1. బార్ చార్ట్ యాక్సిస్ 1.8 దగ్గర మొదలైంది. బార్‌ని మనం పొడవు బట్టి చదువుతాం, కాబట్టి మొదటి బార్ పొడవు 0.1, రెండోది 0.3, చూసేవాడికి రెండో యాడ్ మూడు రెట్లు బాగా ఆడినట్టు అనిపిస్తుంది. అసలు తేడా దాదాపు పదో వంతు. పక్కన అంకెలు రాశాను కదా అంటారేమో, ముందు కన్ను పొడవునే పట్టుకుంటుంది, అంకె తర్వాత. బహుశా మీరు కావాలని కత్తిరించి ఉండరు, విలువలు దగ్గర దగ్గరగా ఉంటే ఎక్సెల్ తనే యాక్సిస్‌ని సున్నా కన్నా పైన మొదలుపెడుతుంది. యాక్సిస్ మీద డబుల్ క్లిక్ చేస్తే వచ్చే Format Axis లో Bounds కింద Minimum దగ్గర 0 టైప్ చేస్తే సరి. బార్ చార్ట్ పంపే ముందు ప్రతిసారీ ఈ ఒక్కటి చూసుకోండి.

సున్నా పెట్టగానే రెండు బార్లూ దాదాపు సమానంగా కనిపించి "మరి తేడా ఎలా చూపించాలి" అనిపిస్తుంది. ముందు చూపించాల్సినంత తేడా ఉందా అని అడగాలి. మీ షీట్‌లో ఒక్కో యాడ్‌కి ఇంప్రెషన్లు, అంటే యాడ్ కనిపించిన సార్లు, పదేసి వేలు, క్లిక్కులు ఒకదానికి 190, ఇంకోదానికి 210. ఇలాంటి లెక్కల్లో రెండు సంఖ్యల మధ్య ఊరికే వచ్చే ఊగిసలాట, వాటి మొత్తానికి వర్గమూలమంత ఉంటుంది. 400కి వర్గమూలం 20, మీ తేడా కూడా 20. అంటే యాడ్లు రెండూ అచ్చం ఒకేలాంటివైనా ఇంత తేడా మామూలుగానే రావచ్చు. కత్తిరించిన బార్ ఈ గాలివాటాన్ని మూడు రెట్ల విజయంగా చూపించింది. దాన్ని నమ్మి మొదటి యాడ్ ఆపేస్తే ఆ నష్టం చార్ట్ గీసినవాడి ఖాతాలోకి వస్తుంది.

చిన్న తేడాలు నిజంగా చూపించాల్సి వస్తే బార్ వదిలేసి చుక్క వాడండి. చుక్కని పొడవు బట్టి కాకుండా ఉన్న చోటు బట్టి చదువుతాం, దాని యాక్సిస్ 1.5 దగ్గర మొదలైనా మోసం ఉండదు. చుక్కకి అటూ ఇటూ అనిశ్చితి గీత కూడా వేయండి, మీ కేసులో 95 శాతం లెక్కన ఒకటి సుమారు 1.6 నుంచి 2.2 దాకా, ఇంకోటి 1.8 నుంచి 2.4 దాకా సాగుతాయి. రెండూ ఎంతగా ఒకదాని మీద ఒకటి పడ్డాయో చూస్తే ఇంకా డేటా కావాలని ఎవరికైనా తెలిసిపోతుంది. లైన్ చార్ట్ కూడా సున్నా నుంచి మొదలవ్వాలనే రూలేమీ లేదు, అక్కడ చదివేది వాలుని, కానీ సున్నా లేదని యాక్సిస్ పక్కన స్పష్టంగా రాయాలి.

రెండు యాక్సిస్‌లు ఎప్పుడూ వద్దా అంటే, ఒకే కొలతని రెండు యూనిట్లలో చూపేటప్పుడు ఇబ్బంది లేదు, ఉదాహరణకి కన్వర్షన్లు ఎడమవైపు సంఖ్యలో, కుడివైపు నెల టార్గెట్‌లో శాతంగా. అక్కడ గీత ఒక్కటే, కుడి స్కేల్ ఎడమదాన్నే ఇంకోలా చెబుతుంది. అంతకుమించి నేను ఒప్పుకోను. ఉద్యోగంలో చేరాక మేనేజరే "మన టెంప్లేట్ ఇంతే" అంటే వాదనకి దిగకండి. అదే డేటాతో కుడి యాక్సిస్‌ని 250, 300, 500 చేసిన మూడు చార్టులు పక్కపక్కన పెట్టి ఏది పంపమంటారో అడగండి.

పోర్ట్‌ఫోలియోలో కొత్తగా ఇరవై చార్టులు పెట్టాల్సిన పని లేదు. ఇదే షీట్ తీసుకుని మీ పాత చార్ట్, దాని పక్కన రెండు ప్యానెళ్ళ చార్ట్, కింద స్కాటర్ పెట్టి, ఆ 455 ఎలా వచ్చిందో నాలుగు వాక్యాల్లో రాయండి. చార్ట్ టైటిల్‌గా "ఖర్చు, కన్వర్షన్లు" అని కాకుండా "ఖర్చు 50 శాతం పెరిగితే కన్వర్షన్లు 22 శాతం పెరిగాయి" అని పెట్టండి. వీలైతే ఆ కంపెనీ వాళ్ళకే మెయిల్ చేయండి, మీరు అడిగిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు దొరికింది అని. మళ్ళీ పిలుస్తారని గ్యారంటీ ఇవ్వను, కానీ చాలామంది ఆ ప్రశ్న విని ఊరుకుంటారు.