టెక్ సందేహాలు: నంబర్ మార్చింది ఒక్కసారి, మెసేజ్‌లు మాత్రం రాత్రంతా

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో మాకు 60 బెడ్ల పీజీ ఉంది. టెనెంట్ల వివరాలు గూగుల్ షీట్‌లో రాసుకుంటాం, రెంట్ బిల్లులకు ఒక పీజీ యాప్ వాడతాం. ఎక్కడ మార్చినా రెండోదాంట్లో కూడా మారేలా మా తమ్ముడు స్క్రిప్ట్ రాశాడు. అది ఐదు నిమిషాలకోసారి షీట్ చూసి, Updated కాలమ్‌లో టైమ్ మారిన వరుసలను యాప్‌కి పంపుతుంది. యాప్‌లో మారితే యాపే స్క్రిప్ట్‌కి కబురు పెడుతుంది. మొన్న రాత్రి తొమ్మిదింటికి ఒక అబ్బాయి ఫోన్ నంబర్ షీట్‌లో మార్చాను. పొద్దున ఆరింటికల్లా అతనికి ‘మీ వివరాలు అప్‌డేట్ అయ్యాయి’ అని 100కు పైగా మెసేజ్‌లు వెళ్లాయి. మిగతావాళ్లకీ ఇలాగే అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎలా ఆపాలి? — పీజీ నిర్వాహకుడు, మారతహళ్లి

జవాబు: ఇది చదవడం ఆపి ముందు ఒక పని చేయండి. ఆ స్క్రిప్ట్ ప్రాజెక్ట్ తెరిచి, ట్రిగ్గర్స్ పేజీలో ఉన్న ఐదు నిమిషాల ట్రిగ్గర్‌ని తొలగించండి. మెసేజ్‌లు అక్కడితో ఆగుతాయి. మిగతాది నిదానంగా చూద్దాం.

తొమ్మిది నుంచి ఆరు దాకా తొమ్మిది గంటలు, గంటకు 12 చొప్పున 108. మీ 100 పైచిలుకు లెక్కకు ఇది సరిపోతోంది. కాబట్టి ట్రిగ్గర్ నడిచిన ప్రతిసారీ ఆ వరుస ఒక చుట్టు తిరిగిందన్నమాట. వెంట వెంటనే సెకన్ల తేడాతో మెసేజ్‌లు వచ్చి ఉంటే తప్పు వేరేచోట వెతకాల్సి వచ్చేది. ఇలాంటి గొడవ వచ్చినప్పుడు నేను మొదట చూసేది ఈ ఎడం ఎంతన్నదే.

ఆ చుట్టు ఎలా తిరిగిందో చూడండి. మీరు షీట్‌లో 98XXX XXX10 అని మధ్యలో ఖాళీతో రాశారనుకుందాం. 9:05కి స్క్రిప్ట్ దాన్ని యాప్‌కి పంపింది. చాలా యాప్‌లు నంబర్‌ని ఉన్నదున్నట్టు దాచుకోవు, తమ పద్ధతిలో +9198XXXXXX10 అని సరిదిద్దుకుంటాయి. దాచుకోగానే ‘ఈ టెనెంట్ వివరాలు మారాయి’ అని స్క్రిప్ట్‌కి కబురు పెట్టింది. దీన్నే వెబ్‌హుక్ అంటారు. స్క్రిప్ట్ ఆ కొత్త రూపాన్ని తెచ్చి షీట్‌లో రాసింది. షీట్ దాన్ని ఒక అంకెగా అర్థం చేసుకుని ముందున్న ప్లస్‌ని తీసేసింది. ఇప్పుడు గడిలో ఉన్నది మీరు రాసిందీ కాదు, యాప్‌లో ఉన్నదీ కాదు, 9198XXXXXX10 అనే మూడో రూపం. పైగా స్క్రిప్ట్ రాస్తూ రాస్తూ Updated కాలమ్‌లో టైమ్ కూడా వేసింది. 9:10కి ట్రిగ్గర్ లేచి చూస్తే ‘ఈ వరుస ఇప్పుడే మారింది’ అని కనిపించింది. మళ్లీ యాప్‌కి పంపింది, యాప్ మళ్లీ ప్లస్ తగిలించింది, మళ్లీ కబురు. మనుషులెవరూ ముట్టుకోకుండానే తెల్లారేదాకా ఇదే నడిచింది.

ఇక్కడ ఒక సంగతి మీ తమ్ముడికి ఉపయోగపడుతుంది. మనిషి చేత్తో మార్చినప్పుడు నడిచే `onEdit`, స్క్రిప్ట్ రాసిన మార్పులకు నడవదు. గూగుల్ దాన్ని అలాగే తయారుచేసింది. అంటే యాప్ కబురు అందుకునే `doPost`లో Updated టైమ్ వేసే ఆ ఒక్క లైన్ లేకపోతే ఈ చుట్టు మొదలయ్యేదే కాదు. ఆ లైన్ తీసేస్తే చప్పుడు ఆగిపోతుంది. కానీ దాంతో సరిపెట్టుకోకండి, ఎందుకంటే అసలు నష్టం చప్పుడు చేయకుండా జరుగుతుంది.

ఉదాహరణకు, ఒకరి రెంట్ 9,500 అని మీరు షీట్‌లో రాశారు. 7:05కి స్క్రిప్ట్ దాన్ని యాప్‌కి పంపింది. 20 సెకన్ల తర్వాత మీకు పొరపాటు తెలిసి 9,000 అని దిద్దారు. ఇంకో 20 సెకన్లకు యాప్ నుంచి ఆలస్యంగా కబురొచ్చింది, అందులో 9,500 ఉంది. స్క్రిప్ట్ ఏమీ చూడకుండా దాన్ని షీట్‌లో రాసేసింది. మీరు దిద్దిన 9,000 పోయింది. ఎవరికీ మెసేజ్ రాదు, ఎర్రర్ కనిపించదు. నెలాఖరున ఆ అబ్బాయి వచ్చి ‘అన్నా, తొమ్మిది వేలన్నారు కదా’ అని అడిగితే తప్ప తెలియదు. రాత్రంతా తిరిగిన చుట్టు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే.

‘మనం పంపిన తర్వాత పది సెకన్ల పాటు వచ్చే కబుర్లు పట్టించుకోకూడదు’ అని కొందరు కిటుకు చెబుతారు. దయచేసి దాన్ని వాడకండి. కబురు పదకొండో సెకనుకు రావచ్చు, రెండుసార్లు రావచ్చు. ఆ పది సెకన్లలోనే ఎవరో యాప్‌లో నిజంగా ఏదైనా మార్చి ఉండవచ్చు, అప్పుడు ఆ మార్పు కూడా పోతుంది. మార్పు ఎవరు చేశారో చూసి, స్క్రిప్ట్ చేసినవైతే వదిలేయడం దానికన్నా మెరుగు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లు ఒకదానికొకటి కాపీలు పంపుకునేటప్పుడు చేసేది ఇదే. ప్రతి మార్పుతో పాటు అది పుట్టిన సర్వర్ `server_id` ప్రయాణిస్తుంది, తన నంబరే తిరిగొస్తే సర్వర్ దాన్ని పక్కన పడేస్తుంది. అయితే మీ యాప్ వెబ్‌హుక్‌లో మార్పు చేసిన యూజర్ పేరు వస్తేనే ఈ దారి పనికొస్తుంది. వచ్చినా, మీ మార్పు చూసి యాప్ తనంతట తాను ఇంకేదో మారిస్తే దాని మీద మీ స్క్రిప్ట్ పేరు ఉండదు.

నేను సలహా ఇచ్చేది మూడో పుస్తకం. ఇద్దరి మధ్య లెక్కల్లో పేచీ వస్తే, కిందటిసారి ఇద్దరూ సరిచూసుకున్న అంకె ఎంతో చూస్తాం కదా, అలాంటిదే. షీట్‌లో `_sync` అనే దాచిన ట్యాబ్ పెట్టండి. ప్రతి టెనెంట్‌కీ, రెండు వైపులా వెళ్లే ప్రతి కాలమ్‌కీ అందులో రెండు విలువలుంటాయి: కిందటిసారి పని ముగిసేసరికి షీట్‌లో ఏముంది, యాప్‌లో ఏముంది. ఇక స్క్రిప్ట్ షీట్‌నీ యాప్‌నీ ఒకదానితో ఒకటి పోల్చదు. షీట్‌ని షీట్ పాత విలువతో, యాప్‌ని యాప్ పాత విలువతో పోలుస్తుంది.

```js
if (sheetNow !== r.baseSheet && appNow === r.baseApp) {
  const saved = writeApp(r.id, sheetNow);
  r.baseApp = saved;
  r.baseSheet = sheetNow;
}
```

ప్రాణమంతా మూడో లైన్‌లో ఉంది. యాప్‌కి మనం పంపిన విలువను కాదు, యాప్ దాచుకుని తిరిగి చెప్పిన విలువను రాసుకుంటున్నాం. మీ నంబర్‌నే తీసుకోండి. షీట్ పాత విలువ 98XXX XXX10, యాప్ పాత విలువ +9198XXXXXX10. రెండూ ఒకేలా లేవు, ఉండక్కర్లేదు కూడా. తర్వాత కబురు వచ్చి చూస్తే యాప్‌లో ఉన్నది యాప్ పాత విలువే, షీట్‌లో ఉన్నది షీట్ పాత విలువే. చేయాల్సిన పని లేదు, చుట్టు మొదటి అడుగులోనే ఆగిపోయింది. రెంట్ సంగతీ అంతే. ఆలస్యంగా వచ్చిన 9,500 యాప్ పాత విలువే కాబట్టి మీ 9,000 జోలికి రాదు. తర్వాతి ట్రిగ్గర్‌లో 9,000 యాప్‌కి వెళుతుంది. రెండో దిశకూ ఇదే కోడ్ తిరగేసి రాయాలి. షీట్‌లో రాశాక `SpreadsheetApp.flush()` పిలిచి, గడిని తిరిగి చదివి, అక్కడ నిలిచిన విలువనే దాచాలి.

వెబ్‌హుక్‌ని కాలింగ్ బెల్ లాగా చూడమనండి. బెల్ మోగితే తలుపు తీసి ఎవరొచ్చారో చూస్తాం. అలాగే కబురులో ఉన్న విలువను నమ్మకుండా, యాప్‌లో ఇప్పుడేముందో అడిగి తెచ్చుకుని పోల్చాలి. అప్పుడు ఒకే కబురు రెండుసార్లు వచ్చినా నష్టం లేదు.

ఈ పద్ధతిలో కాలు జారే చోట్లు రెండున్నాయి. మొదటిది, `_sync` ట్యాబ్ కూడా షీటే కాబట్టి అది కూడా ప్లస్‌ని తీసేస్తుంది, అప్పుడు పోలిక ఎన్నటికీ కుదరదు. ఆ ట్యాబ్‌లోనూ, ఫోన్ కాలమ్‌లోనూ `setNumberFormat('@')`తో ప్లెయిన్ టెక్స్ట్ పెట్టి, పోల్చేముందు రెండింటినీ `String()`లో వేయాలి. లేకపోతే 9000 అనే అంకె, 9000 అనే అక్షరాలు వేర్వేరుగా లెక్కకొచ్చి పాత కథ మళ్లీ మొదలవుతుంది. రెండోది, స్క్రిప్ట్ యాప్‌కి రాసి `_sync`లో దాచుకునేలోపే వెబ్‌హుక్ వచ్చేయవచ్చు. ట్రిగ్గర్ పనికీ `doPost`కీ మొదట్లోనే `LockService.getScriptLock()` తీసుకుని `waitLock(30000)` పెడితే ఒకటి ముగిసేదాకా రెండోది 30 సెకన్ల వరకు ఆగుతుంది. ఒకసారికి ఎక్కువ వరుసలు పంపితే ఆ 30 సెకన్లు చాలకపోవచ్చు, అందుకని లాక్‌ని వరుస వరుసకూ తీసుకుని వదిలేయడం మంచిది.

రెండు వైపులా పాత విలువ మారి ఉంటే అది నిజమైన గొడవ. టైమ్ చూసి తాజాదే గెలుస్తుందని పెట్టకండి. అలాంటి వరుసను విడిగా ‘తేడాలు’ అనే ట్యాబ్‌లో వేయించి మీరే తేల్చండి. 60 బెడ్లకు అలాంటివి ఎక్కువ రావు. టెనెంట్‌ని గుర్తించడానికి వరుస నంబర్ కాకుండా యాప్ ఇచ్చే ఐడీ వాడండి, ఎందుకంటే షీట్‌ని ఒకసారి సార్ట్ చేస్తే ఒకరి ఫోన్ ఇంకొకరికి అంటుకుంటుంది. ఖాళీ చేసి వెళ్లినవాళ్లకూ `_sync` పనికొస్తుంది. అందులో పేరుండి షీట్‌లో లేకపోతే తీసేశారని అర్థం. అది లేకపోతే యాప్‌లో మిగిలిన పేరును కొత్త టెనెంట్ అనుకుని స్క్రిప్ట్ మళ్లీ షీట్‌లోకి తెస్తుంది.

ఇంత రాశాక మిమ్మల్ని ఒకటి అడగాలనుంది. నిజంగా రెండు చోట్లా మార్చాల్సిన కాలమ్‌లు ఎన్ని? రెంట్ కట్టిన తేదీ యాప్‌లోనే పుడుతుంది, దాన్ని షీట్‌లో ఎవరూ దిద్దకూడదు. బెడ్ నంబర్ మీరు షీట్‌లోనే మారుస్తారు. ఇలా ఒక్కో కాలమ్‌కీ ఒక్క యజమానిని పెడితే రెండు వైపులా తిరిగేవి ఫోన్, రెంట్ లాంటి రెండు మూడే మిగులుతాయి. పైన చెప్పిన కోడ్ వాటికి చాలు.

మళ్లీ మొదలుపెట్టేముందు షీట్‌కి ఒక కాపీ తీసి, రెండు చోట్లా ఉన్న తేడాలను చేత్తో సరిచేసి, అప్పుడు `_sync`ని నింపండి. అది ఖాళీగా ఉండగా స్క్రిప్ట్ నడిపితే ప్రతి వరుసా మారినట్టే కనిపిస్తుంది. ఒకే వరుసను గంటలో ఐదుసార్లకు మించి రాయాల్సి వస్తే ఆగిపోయి మీకు మెయిల్ పంపేలా ఒక లెక్క కూడా పెట్టించండి. పరీక్షకు మీ సొంత నంబర్‌తో ఒక డమ్మీ టెనెంట్‌ని చేర్చి, నంబర్ మధ్యలో ఖాళీ పెట్టి మార్చండి. మొదటి ట్రిగ్గర్‌లో యాప్‌కి ఒక్క రాత కనిపించాలి, రెండో ట్రిగ్గర్‌లో సున్నా. తర్వాత యాప్ వైపు నుంచి మార్చి అదే చూడండి. రెండో ట్రిగ్గర్‌లో ఒక్క రాత కనిపించినా మిగతా టెనెంట్లను కలపకండి, ముందు ఆ కాలమ్ ప్లెయిన్ టెక్స్ట్‌లో ఉందో లేదో చూడండి.