నీళ్ళ అర్జీలో ‘కోరుచున్నాను’ రాయాలా, ‘కోరుతున్నాను’ రాయాలా?

ప్రశ్న: మా వీధికి కుళాయి నీళ్ళు సరిగ్గా రావడం లేదని మున్సిపల్ కమిషనర్ గారికి తెలుగులో అర్జీ రాశాను. ‘కోరుచున్నాను’ అనాలా, ‘కోరుతున్నాను’ అనాలా? భాష ఎలా సరిచేసుకోవాలి?

రెండూ తప్పు కాదు. ఒకే కాగితంలో రెండూ ఉంటేనే తప్పు. నన్నడిగితే ‘కోరుతున్నాను’ రాయండి. ‘కోరుచున్నాను’ రాస్తే దానికి తోడుగా ‘వలసినదిగా’, ‘నీరు వచ్చుచున్నది’ దాకా పోవాలి. నాలుగో వాక్యానికి చెయ్యి అలసిపోయి మామూలు మాటల్లోకి జారిపోతాం. నాకు జరిగింది అదే.

మూడేళ్ళ క్రితం మా వీధిలోని 22 ఇళ్ళ తరఫున అర్జీ రాసే పని నా మీద పడింది. ఎప్పుడో బడిలో నేర్చుకున్న లేఖారచన గుర్తు తెచ్చుకుని ఇలా రాశాను:

“విషయం: మా వీధి సమస్యల గురించి. ఆర్యా, తమ దివ్య సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా, మా వీధిలో నీరు క్రమం తప్పకుండా రావట్లేదు. వచ్చినా పది నిమిషాలే వస్తున్నాయి. చివరి ఇళ్ళవాళ్ళు మురుగు కాలువ పక్కన గుంట తవ్వి పట్టుకోవలసి వస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోలేదు. కావున తమరు వెంటనే చర్య తీసుకోండి అని మేమందరం కోరుచున్నాను.”

పది రోజులకు పారిశుద్ధ్య సిబ్బంది ఇద్దరు వచ్చి మురుగు కాలువలో పూడిక తీసి, ఫొటో తీసుకుని వెళ్ళారు. అర్జీ పరిష్కారమైందని నా ఫోనుకు సందేశం వచ్చింది. నీళ్ళు మాత్రం రాలేదు. ‘సమస్యల గురించి’ అన్న విషయం చూస్తే ఏ సమస్యో తెలియదు. లోపల కంటికి కనిపించిన మాట ‘మురుగు కాలువ’. అర్జీలు తీసుకునే గుమాస్తా ముందున్న కట్టలో నాది ఎన్నోదో! ఆయన విషయం చదివి, మధ్యలో ఒక మాట పట్టుకుని, విభాగానికి రాసి పంపుతాడు. మొత్తం చదివే తీరిక ఏ ఆఫీసులోనూ ఎవరికీ ఉండదు. ఇందులో నాకు సందేహం లేదు.

మా పిన్నికి తహసీల్దారు ఆఫీసు ఎదురుగా టైపింగు సెంటరు ఉంది. ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాను. ఎర్ర పెన్ను తీసి మొదట ‘క్రమం తప్పకుండా రావట్లేదు’ కింద గీత గీసింది.

“నాన్నా, దీన్ని ‘క్రమం తప్పకుండా మానేస్తోంది’ అని కూడా చదువుకోవచ్చు. ‘క్రమంగా రావడం లేదు’ అని కూడా రాయకు, అది మెల్లమెల్లగా అనే అర్థంలోకి పోతుంది. ‘సక్రమంగా సరఫరా కావడం లేదు’ అను.”

తర్వాత ‘నీరు... వస్తున్నాయి’. నీరు ఏకవచనం, నీళ్ళు బహువచనం. ‘నీరు వస్తోంది’ అనాలి, లేదా ‘నీళ్ళు వస్తున్నాయి’ అనాలి. అర్జీకి ‘మంచినీరు’ ఎంచుకుంటే చివరిదాకా క్రియలన్నీ ఏకవచనంలోనే నడవాలి. ‘పట్టుకోవలసి వస్తుంది’ అంటే ముందు ముందు రాబోయే ఇబ్బందిలా కూడా ఉంటుంది, ఇప్పుడు పడుతున్న బాధకు ‘వస్తోంది’ అనాలి. ‘మేమందరం కోరుచున్నాను’లో కర్త ఒకవైపు, క్రియ ఒకవైపు. ‘రావట్లేదు’ మాటలో చెల్లుతుంది, కాగితం మీద ‘రావడం లేదు’. ‘తమరు’ అని గౌరవంగా మొదలుపెట్టి ‘తీసుకోండి’ అని ఆజ్ఞతో ముగిస్తే వినయం సగంలో తెగిపోతుంది. ‘తీసుకోవలసిందిగా’ అంటే చాలు. చాలామంది ‘చర్య తీసుకోగలరు’ అని రాస్తారు. నాకది నచ్చదు, ఆయనకు ఆ శక్తి ఉందని సర్టిఫికెట్ ఇచ్చినట్టుంటుంది.

‘దివ్య సముఖమునకు’ మీద పిన్ని అడ్డంగా గీత కొట్టేసింది. అది రాజులకు పెట్టుకునే విన్నపాల భాష. మనం కుళాయి పన్ను కట్టి సేవ అడుగుతున్నాం. గౌరవం చూపడానికి ‘గౌరవనీయులైన’, ‘గారు’, ‘అయ్యా’ సరిపోతాయి. ‘పట్టించుకోలేదు’ అన్నది నింద. దాన్ని ‘ఇంతవరకు పరిష్కారం కాలేదు’ అని మార్చింది. మాట మెత్తబడినా విషయం తగ్గలేదు, ఎందుకంటే పాత రసీదు నంబరు పైన సూచికలో పెట్టించింది.

ఆ రాత్రి కూర్చుని ఇలా తిరగరాశాం:

“గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,

విషయం: (వార్డు, వీధి పేరు) మంచినీటి సరఫరా సక్రమంగా లేకపోవడం గురించి.
సూచిక: మా మునుపటి అర్జీ, రసీదు నంబరు, తేది.

అయ్యా,

మా వీధికి రోజు విడిచి రోజు ఉదయం 6 గంటలకు 45 నిమిషాలపాటు మంచినీరు సరఫరా కావలసి ఉంది. గత నెల 3వ తేదీ నుంచి 23వ తేదీ వరకు 11 సార్లు రావలసి ఉండగా, 5 సార్లు మాత్రమే వచ్చింది. ఆ 5 రోజుల్లో కూడా వీధి మొదట్లోని ఇళ్ళకు అందిన నీరు చివరి 9 ఇళ్ళకు చేరలేదు. మునుపటి అర్జీపై మురుగు కాలువ శుభ్రం చేశారు కానీ, నీటి సమస్య ఇంతవరకు పరిష్కారం కాలేదు. కావున మా వీధి పైపులైనును, వాల్వును నీటి సరఫరా విభాగం ద్వారా తనిఖీ చేయించి, నిర్ణీత సమయానికి అన్ని ఇళ్ళకు నీరు అందేలా చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
వీధి నివాసులు

జతపరచినవి: నీరు వచ్చిన రోజుల పట్టిక, నివాసుల సంతకాలు.”

నేను ‘నీరు సరఫరా చేయబడడం లేదు’ అని ఒకచోట పెట్టబోతే పిన్ని ఒప్పుకోలేదు. ఈ ‘బడు’ ఇంగ్లీషు ఉత్తరాల నుంచి వచ్చి మన ఆఫీసు కాగితాలకు పట్టుకున్న జబ్బు. ‘తెలియజేయబడుచున్నది’, ‘పరిశీలించబడును’ అంటారు, ఎవరు పరిశీలిస్తారో చెప్పరు. ఉమ్మడి రాష్ట్రంలో 1966లోనే చట్టం చేసి తెలుగును అధికార భాషగా ప్రకటించారు. మేము తెలుగులో ఇచ్చిన అర్జీకి రసీదు మాత్రం పూర్తిగా ఇంగ్లీషులో వచ్చింది. మా వీధి పెద్దావిడ ఒకరు అది చదవలేక నాతో చదివించుకున్నారు. నాకు ఇప్పటికీ కోపమే.

అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ‘చివరి 9 ఇళ్ళకు చేరలేదు’ అన్న వాక్యమని నా నమ్మకం. నీరు అసలే రాకపోతే ట్యాంకు దగ్గరో, మోటారు దగ్గరో లోపం ఉండవచ్చు. మొదటి ఇళ్ళకు వచ్చి చివరి ఇళ్ళకు రాకపోతే ఒత్తిడి చాలనట్టు. అప్పుడు వాల్వు పూర్తిగా తెరుచుకోవడం లేదా, పైపు ఎక్కడైనా కారుతోందా, ఎవరైనా కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగేస్తున్నారా అని చూడాలి. ఈ రెండో అర్జీ మీద ఇంజినీరుతో పాటు వచ్చిన ఫిట్టరు వీధి మలుపులో వాల్వు గుంట మూత తీసి చూశాడు. లోపలి కడ్డీ అరిగిపోయి, వాల్వు సగమే తెరుచుకుంటోంది. నాలుగు రోజుల్లో మార్చారు. రోజు విడిచి రోజు రావలసిన లెక్క మాత్రం అంత తొందరగా సరికాలేదు, దానికి మరో అర్జీ పెట్టాల్సి వచ్చింది.

మీరు కూడా ముందు రెండు వారాలు గోడ మీది క్యాలెండర్‌లో నీళ్ళు వచ్చిన సమయం, ఆగిన సమయం రాసుకోండి. అర్జీ రెండు ప్రతులు తీయండి. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర, రసీదు నంబరు వేయించుకోకుండా కౌంటరు దగ్గర నుంచి కదలకండి. సూచికలో రాయడానికి ఆ నంబరే కావాలి.