ప్రశ్నావళిలో ఒక్కో బ్లాకు ఎందుకుందో ప్రొపోజల్‌లో ఎలా రాయాలి?

ప్రశ్న: పడుకునే ముందు ఫోన్ వాడకానికీ, కాలేజీ విద్యార్థుల నిద్ర నాణ్యతకూ ఉన్న సంబంధం మీద మాస్టర్స్ థీసిస్ ప్రొపోజల్ రాస్తున్నాను. ప్రశ్నావళిలో ఐదు బ్లాకులున్నాయి: వ్యక్తిగత వివరాలు 12, ఫోన్ వాడకం 8, నిద్ర నాణ్యత స్కేలు పీఎస్‌క్యూఐ 19, ఒత్తిడి స్కేలు పీఎస్‌ఎస్-10, చివర్లో ఓపెన్ ప్రశ్నలు 3. మొత్తం 52. "ఒక్కో బ్లాకు ఎందుకు పెట్టావో రాయి" అని గైడ్ తిప్పి పంపారు. "సమాచారం సేకరించడానికి" అని కాక ఇంకేం రాయాలి?

జవాబు:

మీ గైడ్ అడుగుతున్నది బ్లాకులో ఏముందో కాదు, ఆ బ్లాకు తీసేస్తే థీసిస్‌లో ఏది ఆగిపోతుందో. అందుకే రాయడం మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ఫలితాల అధ్యాయంలో రాబోయే పట్టికల్ని అంకెలు లేకుండా, కేవలం శీర్షికలతో కాగితం మీద గీసుకోండి. మీ అంశానికి నాలుగైదు పట్టికలకు మించి రావు. ఇప్పుడు ప్రశ్నావళిలోని ఒక్కో బ్లాకును వేలితో మూసి, ఏ పట్టికలో ఏ గడి ఖాళీ అయిందో చూడండి. ఏ గడీ ఖాళీ కాకపోతే ఆ బ్లాకుకు సమర్థన లేనట్టే. ఖాళీ అయితే, ఆ గడి పేరే మీ సమర్థనలో మొదటి వాక్యం.

ముందు వ్యక్తిగత వివరాలు చూద్దాం. ఎక్కువ ప్రొపోజల్స్ తేలిపోయేది ఇక్కడే. వయసు, లింగం, మతం, బ్రాంచి, తల్లిదండ్రుల ఆదాయం, తోబుట్టువుల సంఖ్య అంటూ 12 ప్రశ్నలు ఎవరిదో పాత థీసిస్ నుంచి దిగుమతి అవుతాయి. "నమూనా స్వభావం తెలుసుకోవడానికి" అన్న సమర్థన రెండు మూడు ప్రశ్నలకే సరిపోతుంది. మిగతా ప్రతి ప్రశ్నా రిగ్రెషన్‌లో కంట్రోల్‌గా వెళ్తుందా, లేదా చెప్పాలి. వెళ్తుందంటే దానికో ధర ఉంది. నాలుగు ఆప్షన్ల 'చదివే సంవత్సరం' రిగ్రెషన్‌లో మూడు డమ్మీ కాలమ్స్ అవుతుంది. ఆరు ఆప్షన్ల బ్రాంచి ఐదు, ఐదు ఆప్షన్ల ఆదాయం నాలుగు. మూడు ప్రశ్నలకే 12 కాలమ్స్! నమూనా పరిమాణానికి చాలామంది వాడే గ్రీన్ సూత్రం (1991) ఇది:

```
N ≥ 50 + 8m
```

ఇక్కడ m అంటే ప్రెడిక్టర్ల సంఖ్య. అంటే ఆ మూడు ప్రశ్నల వల్లే అదనంగా 96 మంది కావాలి. ఈ లెక్క ఒక్కసారి వేస్తే ఏ ప్రశ్న ఉండాలో, ఏది పోవాలో దానంతటదే తెలుస్తుంది.

ఉంచాల్సినవి ఫోన్ వాడకాన్నీ, నిద్రనూ రెండింటినీ ప్రభావితం చేసే అవకాశం ఉన్నవి. మీ అంశానికి వయసు (1 కాలమ్), లింగం (రెండు ఆప్షన్లయితే 1), నివాసం హాస్టలా, ఇల్లా, అద్దె గదా (2), సాయంత్రం తర్వాత కాఫీ, టీ తాగడం (1), రాత్రి పూట పని (1). మొత్తం ఆరు కాలమ్స్. వయసు ఉంటే చదివే సంవత్సరం అక్కర్లేదు, రెండూ కలిసే పెరుగుతాయి. దీనికి ఫోన్ స్కోరు, ఒత్తిడి స్కోరు కలిపితే m = 8, కావలసింది కనీసం 114 మంది. విడివిడి ప్రెడిక్టర్లను పరీక్షించడానికి గ్రీన్ ఇచ్చిన రెండో సూత్రం 104 + m. దాని ప్రకారం 112. రెండింట్లో పెద్దది తీసుకోవాలి. ఒక హెచ్చరిక: ఇవి మధ్యస్థాయి ప్రభావం ఉంటుందన్న ఊహ మీద ఆధారపడ్డ బండ సూత్రాలు. ప్రభావం చిన్నదైతే ఈ సంఖ్య ఏమాత్రం చాలదు. కాబట్టి తుది లెక్క G*Power సాఫ్ట్‌వేర్‌లో వేసి పెట్టండి.

తర్వాత పీఎస్‌క్యూఐ. "ఇది ప్రామాణిక స్కేలు కాబట్టి వాడుతున్నాను" అనేది సమర్థన కాదు. నాలుగు విషయాలు రాయాలి: మీ ఏ పరిశోధన ప్రశ్నకు ఇది జవాబిస్తుంది, స్కోరు ఎలా వస్తుంది, ఎవరి మీద పరీక్షించారు, మీ నమూనా వాళ్లకు ఎంత దూరం. పీఎస్‌క్యూఐ 1989లో వచ్చింది. గత నెల నిద్ర గురించి అడుగుతుంది. ఏడు కాంపొనెంట్స్, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 0 నుంచి 21. స్కోరు 5 దాటితే నిద్ర నాణ్యత బాగాలేనట్టు. స్కేలులోని అంశాలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతాయో చెప్పే ఆల్ఫా మొదటి అధ్యయనంలో 0.83 వచ్చింది. చాలామంది ఈ అంకె రాసి ఆగిపోతారు. కానీ ఆ అధ్యయనంలో ఉన్నది 148 మంది: బాగా నిద్రపోయేవాళ్లు, డిప్రెషన్ ఉన్నవాళ్లు, నిద్ర రుగ్మతలున్నవాళ్లు. మీవాళ్లు కాలేజీ విద్యార్థులు. అందుకని విద్యార్థుల మీద ఈ స్కేలు వాడిన అధ్యయనం ఒకటైనా చూపించి, "నా డేటాలో ఆల్ఫాను విడిగా లెక్కించి చెబుతాను" అని రాయండి. అనువాదం వాడుతుంటే ఆ అనువాదం ఎవరు చేశారో, ఎలా పరీక్షించారో చెప్పాలి. అనుమతి మెయిల్‌ను అనుబంధంలో పెట్టండి.

"విద్యార్థులు నిద్రమాత్రలు వేసుకోరు కదా, ఆ ప్రశ్న తీసేస్తాను" అనకండి. అది ఒక్క ప్రశ్నలా కనిపిస్తుంది గానీ అదే ఒక పూర్తి కాంపొనెంట్. తీసేస్తే గరిష్ఠం 18కి పడిపోతుంది, 5 అనే కటాఫ్‌కు అర్థం పోతుంది. ప్రామాణిక స్కేలును ఉంచితే మొత్తం ఉంచాలి, లేదంటే మొత్తం మానేయాలి.

ఈ బ్లాకులో ఇంకో తిప్పలుంది, దాన్ని ప్రొపోజల్‌లోనే ప్రస్తావిస్తే పని తెలిసినవాళ్లని గైడ్‌కు అర్థమవుతుంది. పడుకునే సమయం, లేచే సమయం, నిజంగా నిద్రపోయిన గంటలు విడివిడిగా అడుగుతారు. నిద్రపోయిన గంటల్ని మంచం మీదున్న గంటలతో భాగించి 100తో గుణిస్తే నిద్ర సామర్థ్యం. ఒకరు 1 గంటకు పడుకుని 7కి లేచానని రాసి, 7 గంటలు నిద్రపోయానంటారు. ఆరు గంటల మంచంలో ఏడు గంటల నిద్ర, అంటే 117 శాతం! ఇంకొకరు 11 అని రాసి వదిలేస్తారు, పగలో రాత్రో తెలీదు. గూగుల్ ఫామ్‌లో ఖాళీ పెట్టె బదులు సమయం ఎంచుకునే గడి పెడతాననీ, 100 దాటిన వరుసల్ని ఏం చేస్తానో ముందే నిర్ణయించాననీ ఒక్క వాక్యం చాలు.

ఇక ఫోన్ బ్లాకు. ఇది మీరు సొంతంగా తయారుచేసుకున్నదైతే అన్నిటికన్నా ఎక్కువ సమర్థన దీనికే కావాలి. ఇలాంటి బ్లాకుల్లో "ఫోన్ వల్ల నాకు నిద్ర ఆలస్యమవుతుంది: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచూ" అన్న తరహా ప్రశ్న తరచూ కనిపిస్తుంది. మీ ఎనిమిదింటిలోనూ ఉందేమో చూసి, ఉంటే తీసేయండి. నిద్ర ఆలస్యం పీఎస్‌క్యూఐలో ఇప్పటికే ఉంది. అదే సంగతిని ఫోన్ స్కోరులోనూ కలిపితే కారణం వైపూ ఫలితం వైపూ ఒకే కొలత ఉంటుంది. సంబంధం బలంగా వస్తుంది, కానీ అది మీరు కట్టుకున్న సంబంధం. వైవాలో దొరికిపోయే తప్పు ఇది. ఫోన్ బ్లాకులో ప్రవర్తన మాత్రమే అడగండి: లైట్ తీసేశాక ఎన్ని నిమిషాలు చూస్తారు, వారంలో ఎన్ని రాత్రులు, ఫోన్ ఎక్కడ పెట్టి పడుకుంటారు.

కాలవ్యవధి కూడా సరిచూడండి. పీఎస్‌క్యూఐ గత నెల, పీఎస్‌ఎస్ గత నెల. ఫోన్ బ్లాకు "గత వారం" అంటే, ఆ వారం పరీక్షలున్నవాళ్ల జవాబులు మిగతా రెండింటితో పొసగవు. "గత నెలలో మామూలుగా" అని మార్చి, ఎందుకు మార్చారో రాయండి. నిమిషాలు, రాత్రులు, ఫోన్ ఉంచే చోటు ఒకే గుణానికి వేర్వేరు ముఖాలు కావు, కాబట్టి ఈ బ్లాకుకు ఆల్ఫా లెక్కించకండి. నిమిషాలను రాత్రులతో గుణించి వారానికి ఎన్ని నిమిషాలో ఒక్క స్కోరుగా తీసుకోవడం మేలు.

పీఎస్‌ఎస్-10 దగ్గర గైడ్ తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: అసలు ఒత్తిడి ఎందుకు? మీ శీర్షికలో అది లేదు. ఇక్కడ రెండు దారులున్నాయి. ఒత్తిడి వల్లే ఫోనూ పెరుగుతుంది, నిద్రా చెడుతుంది అంటే అది కన్‌ఫౌండర్, రిగ్రెషన్‌లో కంట్రోల్‌గా వెళ్తుంది. ఫోన్ వల్ల ఒత్తిడి, ఒత్తిడి వల్ల నిద్రలేమి అంటే అది మీడియేటర్, విశ్లేషణే వేరు. ఒక్కసారి తీసిన సర్వేతో రెండింట్లో ఏది నిజమో తేల్చలేం, కాబట్టి ముందే ఒకటి ఎంచుకుని కారణం రాయాలి. మాస్టర్స్ స్థాయికి కంట్రోల్ చాలు. నమూనాగా ఇలా రాయొచ్చు:

"ఒత్తిడి ఫోన్ వాడకాన్నీ నిద్ర నాణ్యతనూ రెండింటినీ ప్రభావితం చేయగలదు. దాన్ని కొలవకపోతే పట్టిక 4లోని ఫోన్ ప్రభావాన్ని ఒత్తిడి ప్రభావం నుంచి వేరుచేయలేం. అందుకే పీఎస్‌ఎస్-10ను కంట్రోల్‌గా చేర్చాను. స్కోరు 0 నుంచి 40; 4, 5, 7, 8 ప్రశ్నల్ని తిప్పి స్కోరు చేస్తాను. వ్యవధి పీఎస్‌క్యూఐకి సరిపోయేలా గత నెల."

ఆ నాలుగు ప్రశ్నల్ని తిప్పడం మరిచిపోతే పైలట్‌లోనే తెలిసిపోతుంది. మిగతా వాటితో వాటి సహసంబంధం మైనస్‌లోకి వెళ్తుంది, ఆల్ఫా అకస్మాత్తుగా పడిపోతుంది.

ఓపెన్ ప్రశ్నల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మూడు ప్రశ్నలు, 114 మంది, అంటే 342 జవాబులు. వాటిని ఎవరు, ఏ కోడ్‌లతో వర్గీకరిస్తారో ఒక్క పేరా రాయలేకపోతే తీసేయండి. రాయగలిగితే ఒక్కటి ఉంచండి.

చివరగా వరుస. దీనికీ కారణం రాయాలి, చాలామంది రాయరు. నిద్ర, తర్వాత ఒత్తిడి, తర్వాత ఫోన్, ఆఖర్న వ్యక్తిగత వివరాలు పెట్టండి. ఫోన్ ప్రశ్నలు ముందొస్తే మీ పరికల్పన ఏంటో పూరించేవాళ్లకు తెలిసిపోతుంది, నిద్ర గురించి దానికి తగ్గట్టు చెబుతారు. ఇప్పుడు లెక్క చూసుకుంటే వివరాలు 5, ఫోన్ 3, పీఎస్‌క్యూఐ 19, పీఎస్‌ఎస్ 10, ఓపెన్ 1. మొత్తం 38. దీన్ని ఐదారుగురి చేత మీ ఎదుటే పూరింపజేసి, ఎక్కడ ఆగి మళ్లీ చదివారో గుర్తుపెట్టుకుని, ఆ సవరణల్ని కూడా ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో ఆయా బ్లాకు కిందే రాయండి.