కౌంటర్లో ‘లేదు’ అన్నందుకు మాకు పడిన ఖర్చు

ప్రశ్న: మాది చిన్న మెడికల్ షాపు. కొత్తగా పెట్టిన సాఫ్ట్‌వేర్ ప్రతి మందుకీ ‘సర్వీస్ లెవెల్’, అంటే స్టాక్ అయిపోకుండా ఉండే అవకాశం, ఎంత శాతం కావాలి అని అడుగుతోంది. అన్నిటికీ 95 కొట్టేశాను. స్టాక్ అయిపోతే నిజంగా ఎంత నష్టమో తెలిస్తే కదా ఆ అంకె సరైనదో కాదో తెలిసేది! ఎవరైనా లెక్క వేశారా?

జవాబు:

వేశాను. మాది ఒంగోలులో మెడికల్ షాపు. మొదట్లో నేనూ ఒక డబ్బా అమ్ముడుపోకపోతే ఆ డబ్బా మీద లాభమే పోతుంది అనుకునేవాడిని. థైరాయిడ్ మాత్రల డబ్బా ధర పన్ను కాకుండా 200 అనుకోండి. ధర నియంత్రణలో ఉన్న మందులకు 2013 నాటి ఉత్తర్వు ప్రకారం మనకిచ్చేది కొన్న ధర మీద 16 శాతం. అంటే మనకు పడేది 172, మిగిలేది 28. ‘పోతే 28 రూపాయలేగా’ అని ఊరుకునేవాడిని.

తర్వాత కౌంటర్ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టాం. నెలనెలా వాడే మందు అడిగినప్పుడు లేదని చెప్పాల్సి వస్తే ఫోన్ నంబరు, మందు పేరు, ఆ మనిషి ఏం చేశాడు అన్నవి రాయాలి. కుర్రాళ్లు ‘రేపొస్తుందండీ’ అనేసి రాయడం మర్చిపోయేవాళ్లు, అందుకని మొదటి రెండు వారాల పేజీలు పక్కన పడేశాను. కంపెనీ నుంచే సరుకు రాక ఊళ్లో ఎక్కడా దొరకని రోజులవి కూడా తీసేశాను. ఆ రోజుల్లో మన దగ్గర లేదని ఎవరూ పక్క షాపుకు మారిపోరు కదా. చివరికి లెక్కకు 100 సార్లు మిగిలాయి.

ఆ వందలో 41 మంది ఆగారు. సాయంత్రం ఏజెన్సీ నుంచి తెప్పించి ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్లారు. ఫోను, పెట్రోలు కలిపి మనిషికి 10 వేసుకున్నా. 14 మంది డాక్టరుతో మాట్లాడి వేరే బ్రాండు రాయించుకున్నారు. డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందుల్లో చీటీలో రాసినదానికి బదులు మనంతట మనం ఇంకోటి ఇవ్వడానికి డ్రగ్స్ రూల్స్ ఒప్పుకోవు. అందుకే మా వ్యాపారంలో బదులు మందు తీసుకునేవాళ్లు కిరాణా కొట్టులో కన్నా చాలా తక్కువ. ఆ బ్రాండు మీద మాకు 22 మిగులుతుంది కాబట్టి ఇక్కడ పోయింది 6 రూపాయలే.

మిగిలిన 45 మంది వెళ్లిపోయారు. వాళ్లలో 28 మంది లేని మందు ఒక్కటే బయట కొని, మిగతావి మా దగ్గరే తీసుకున్నారు. 17 మంది మాత్రం ‘అన్నీ ఒకచోటే తీసుకుంటాలెండి’ అంటూ చీటీ వెనక్కి తీసుకున్నారు. నేను ఊహించనిది ఇదే. బీపీ, షుగరు, థైరాయిడ్ ఒకే చీటీలో ఉంటాయి, ఒక చీటీ మీద మాకు సగటున 110 మిగులుతుంది. ఒక్క డబ్బా లేకపోతే మొత్తం చీటీ పోతోంది.

ఆగినవాళ్ల మీద 410, బ్రాండు మార్చినవాళ్ల మీద 84, ఒక్క మందే బయట కొన్నవాళ్ల మీద 784, చీటీ వెనక్కి తీసుకున్నవాళ్ల మీద 1870. మొత్తం 3148. అంటే ఒక్కో ‘లేదు’కు ఆ రోజు పోయింది 31 రూపాయలు. 28కీ దీనికీ పెద్ద తేడా లేదు కదా అనుకుంటారు. అసలు దెబ్బ ఆ తర్వాత పడింది.

మూడు నెలలు ఆగి ఆ వంద నంబర్లనూ బిల్లుల్లో వెతికాను. 11 మంది మళ్లీ రాలేదు. ఆ 11 మందినీ ‘లేదు’ ఖాతాలో వేయబోయి ఆగాను. ఊరు మారేవాళ్లు, మందు ఆపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అదే కాలంలో ఒక్కసారి కూడా ‘లేదు’ వినని నెలవారీ ఖాతాదారుల్ని చూస్తే, వాళ్లలోనూ వందకు నలుగురు మానేశారు. కాబట్టి మన తప్పు వల్ల పోయినవాళ్లు ఏడుగురు. ఈ తీసివేత చేయకపోతే నష్టం సగానికి పైగా ఎక్కువ కనబడుతుంది. మనిషికి ఏడాది లాభమే వేసుకున్నాను, అందులోనూ ఈ నెలది పైన ఎలాగూ పడింది కాబట్టి 11 నెలలకు 1210. ఏడుగురికి 8470. ఒక్కో ‘లేదు’కు 85. దానికి 31 కలిపితే 116 రూపాయలు.

ఇప్పుడు మీరడిగిన సర్వీస్ లెవెల్. మేం వారానికోసారి ఆర్డర్ పెడతాం. ఒక డబ్బా అదనంగా అరలో ఉంచితే 172 మీద ఏడాదికి 18 శాతం వడ్డీ, ఎక్స్‌పైరీ వగైరాలకు ఇంకో 5 రూపాయలు వేసుకుంటే సుమారు 36, అంటే వారానికి 70 పైసలు. అదే డబ్బా లేక ఒకరికి ‘లేదు’ అనాల్సి వస్తే సగటున 116. 70 పైసల్ని ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే 0.6 శాతం వస్తుంది. స్టాక్ అయిపోయే అవకాశం వారానికి అంతవరకు భరించవచ్చు, అంటే లక్ష్యం 99.4. మా దగ్గర వారానికి సగటున 12 డబ్బాలు పోతాయి, వారం వారం అందులో వచ్చే హెచ్చుతగ్గుల కొలత, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 4. ఎక్సెల్లో ఇలా కొట్టండి:

```
=NORM.S.INV(1-0.7/(116+0.7))*4
```

10 వస్తుంది. 12 మీద ఇంకో 10 అదనంగా ఉంచాలి. నష్టం 28 అనుకున్న రోజుల్లో ఇదే లెక్క వేసి ఉంటే 8 వచ్చేది. నిజానికి రెండు డబ్బాలే తేడా! మానేసినవాళ్లు ఏడుగురు కాదు, ముగ్గురే అనుకున్నా 9 వస్తుంది, పన్నెండు మంది అనుకున్నా 11 దాటదు. కాబట్టి ఈ అంకెను పైసా తేడా లేకుండా పట్టాలని టెన్షన్ పడకండి. వంద రూపాయల దగ్గరా, రెండు రూపాయల దగ్గరా అన్నది తెలిస్తే చాలు.

రెండు రూపాయలవీ ఉంటాయి. గ్యాస్ మాత్రలే చూడండి. చీటీ లేకుండా వచ్చి అడిగేవాళ్లలో ఎక్కువమంది ‘ఏదో ఒకటివ్వండి’ అంటారు. మా పుస్తకంలో వందకు 85 మంది పక్క బ్రాండు తీసుకున్నారు, లాభమూ అంతే. 15 మంది వెళ్లినా ఒక్కొక్కరి మీద 12 రూపాయల లాభం పోయిందంతే, వాళ్లు మళ్లీ వచ్చారు. నష్టం సగటున 2 రూపాయల లోపే. కొన్న ధర 50, దాని మీద వడ్డీ వారానికి 17 పైసలు. లక్ష్యం 92 చాలు. మీరు రెండింటికీ 95 పెట్టారు, అంటే గ్యాస్ మాత్రలు ఎక్కువ, థైరాయిడ్ తక్కువ పెట్టుకుని కూర్చున్నారన్నమాట.

ఒక్క సంగతి చూసుకోండి. పక్క బ్రాండు అమ్ముడుపోయినప్పుడు సాఫ్ట్‌వేర్‌కు లేని బ్రాండుకు గిరాకీ తగ్గినట్టు, పక్కదానికి పెరిగినట్టు కనిపిస్తుంది. నోటుబుక్కులోని అంకె కలపకుండా దాని మాట వింటే, నెల తర్వాత లేనిదాన్ని ఇంకా తక్కువ తెప్పిస్తుంది. మాకు రెండుసార్లు అలాగే జరిగింది.

వారానికి ఒకటో రెండో కదిలే ఖరీదైన ఇంజెక్షన్లకు ఈ సూత్రం వాడకండి. ఏజెన్సీ వెనక్కి తీసుకోకపోతే ఎక్స్‌పైరీ భయం వడ్డీ కన్నా పెద్దది. వాటికి మేం ఇప్పటికీ వాడేవాళ్ల పేర్లు గోడమీది క్యాలెండర్‌పై రాసుకుని, నాలుగు రోజుల ముందు తెప్పిస్తాం.