ఎన్‌డీఏ ఉన్న పని పోర్ట్‌ఫోలియోలో పెట్టాలంటే

ప్రశ్న: శ్రీకాకుళంలో ఇంటి దగ్గర నుంచే ఫ్రీలాన్స్‌గా యాప్ డిజైన్ చేస్తున్నాను. రెండేళ్లలో చేసిన మంచి పనంతా ఎన్‌డీఏ, అంటే గోప్యతా ఒప్పందం కిందే ఉంది. క్లయింట్ పేరు బ్లర్ చేసి, పేజీకి పాస్‌వర్డ్ పెట్టి, ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మాత్రమే చూపిస్తే సరిపోతుందా?

సరిపోదండి. పాస్‌వర్డ్ పెడితే చూసేవాళ్లు తగ్గుతారు గానీ చూపించడానికి అనుమతి రాదు. ఒప్పందంలో సాధారణంగా ఉండేది మూడో వ్యక్తికి తెలియనివ్వకూడదు అనే. ఇంటర్వ్యూ చేసేవాళ్లు కూడా ఆ మూడో వ్యక్తే.

ఇక కప్పేయడం సంగతి. నాది విజయనగరం. మొదట్లో చిన్న వ్యాపారులకు అప్పులిచ్చే ఒక సంస్థకు యాప్ డిజైన్ చేశాను. తర్వాత విశాఖలో ఒక ఇంటర్వ్యూకి ఆ పనినే పీడీఎఫ్ చేసి పట్టుకెళ్లాను. సంస్థ పేరు, అంకెలు ఉన్న చోటల్లా నల్ల పెట్టెలు గీసి కప్పేశాను. ఎదురుగా కూర్చున్న మేడమ్ ఫైల్ తెరిచి Ctrl+A, Ctrl+C కొట్టి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశారు. పెట్టెల కింద ఉన్నదంతా వరసగా వచ్చేసింది. సంస్థ పేరు, నెలకు ఎన్ని దరఖాస్తులు వస్తున్నాయి, ఏ పేజీ దగ్గర ఎంతమంది మానేస్తున్నారు, అన్నీ. "రేపు మా పని కూడా ఇలాగే బయట చూపిస్తారా?" అని మెల్లగా అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఉద్యోగం రాలేదు, రాకపోవడం న్యాయమే. నల్ల పెట్టె అక్షరాల మీద ఒక బొమ్మ మాత్రమే, అక్షరాలు కింద అలాగే ఉంటాయి. బ్లర్ చేసినా బ్రాండ్ రంగు, ఐకాన్లు, పేజీ అమరిక చూసి ఆ రంగంలో ఉన్నవాళ్లు ఇట్టే పోల్చేస్తారు. ఫిగ్మా లింక్ ఇస్తే ఇంకా ప్రమాదం, లేయర్ల పేర్లలోనే క్లయింట్ పేరు ఉండొచ్చు.

అందుకే ఏదైనా చేసే ముందు ఒప్పందం తీసి, "రహస్య సమాచారం" అంటే ఏమిటో చెప్పే పేరా చదవండి. అన్నిటికన్నా ముఖ్యం అదే. కొన్ని ఒప్పందాల్లో వాళ్లు ఇచ్చిన పత్రాలు, లెక్కలు మాత్రమే రహస్యం. కొన్నిట్లో మీరు గీసి ఇచ్చిన ప్రతి స్క్రీనూ రహస్యమే. నా ఒప్పందంలో నాకూ వాళ్లకూ మధ్య పని జరుగుతోందన్న విషయం కూడా రహస్యమే అని ఉంది. అంటే రెజ్యూమేలో వాళ్ల పేరు రాయడం కూడా తప్పే. నేను ఆ వాక్యం చదవకుండానే సంతకం పెట్టాను.

అదే పేరా కింద మినహాయింపులు కూడా ఉంటాయి. మీ తప్పు లేకుండా బయటికి వచ్చేసిన సమాచారం చాలా ఒప్పందాల్లో రహస్యం కాదు. యాప్ ప్లే స్టోర్‌లో విడుదలైతే, డౌన్‌లోడ్ చేసుకున్న ఎవరికైనా కనిపించే స్క్రీన్లు ఆ లెక్కలోకి వస్తాయి. కానీ వాళ్లు వద్దన్న డిజైన్లు, యూజర్లతో మాట్లాడి రాసుకున్న నోట్స్, వ్యాపార అంకెలు రావు. వాళ్ల కోసం పని చేసినట్టు చెప్పకూడదని విడిగా రాసి ఉంటే అదీ పాటించాలి.

ఇక్కడ చాలామంది పొరబడేది హక్కుల దగ్గర. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఉద్యోగి చేసిన పనికి మామూలుగా యజమాని సంస్థే హక్కుదారు. ఫ్రీలాన్సర్ అయితే, రాసి సంతకం పెట్టి బదిలీ చేయనంతవరకు హక్కు చాలావరకు ఫ్రీలాన్సర్‌దే. కానీ హక్కు మీదే అయినా గోప్యత మాట ఇచ్చారు కాబట్టి చూపించలేరు. అటు యాప్ విడుదలై గోప్యత పోయినా, హక్కు వాళ్లకు రాసి ఇచ్చేసి ఉంటే స్క్రీన్లు మీ సైట్‌లో పెట్టడానికి అనుమతి కావాలి. రెండూ విడివిడిగా చూసుకోవాలి. ఒప్పందంలో ఉల్లంఘనకు ఇంత డబ్బు కట్టాలని అంకె వేసి ఉంటే మాత్రం ఒకసారి లాయర్‌కు చూపించండి.

నేను తర్వాత ఏం చేశానో చెబుతాను. పాత ఫైల్ పక్కన పెట్టేసి, ఖాళీ ఫైల్‌లో మొదటి నుంచి గీశాను. అసలు సమస్య ఇది: వ్యాపారి దుకాణం లైసెన్స్ ఫోటో తీసి పెట్టాలి. ఫోటో సైజు పెద్దదైతే యాప్ ఏమీ చెప్పకుండా ఆగిపోయేది. వ్యాపారి నాలుగుసార్లు నొక్కి విసుగొచ్చి వదిలేసేవాడు. మేము ఫోటోను ఫోన్‌లోనే చిన్నది చేసి పంపేలా మార్చాం. నెట్ పోతే ఎక్కడ ఆగిందో తెలుగులో చెప్పి, మళ్లీ అక్కడి నుంచే మొదలయ్యేలా చేశాం.

కొత్త పేజీలో "చిన్న వ్యాపారులకు అప్పులిచ్చే ఒక సంస్థ" అని మాత్రం రాశాను. స్క్రీన్లను నలుపు తెలుపు గీతల్లో, పెన్సిల్ స్కెచ్ లాగా గీశాను. దరఖాస్తుదారు స్థానంలో పలాస జీడిపప్పు దుకాణం అని నేనే కల్పించిన వివరాలు పెట్టాను. ఎంతమంది మానేశారన్న అంకె తీసేసి, నేను ఏ ఏ దారులు ఆలోచించాను, ఏది ఎందుకు వదిలేశాను అన్నది రాశాను. పైన ఒక వాక్యం పెట్టాను: "గోప్యతా ఒప్పందం వల్ల పేరు, రంగులు, అంకెలు లేవు, స్క్రీన్లు మళ్లీ గీసినవి, వివరాలు కల్పితం." ఈ వాక్యం తప్పకుండా ఉండాలి, లేకపోతే కల్పిత వివరాలను నిజమని చూపించినట్టవుతుంది. ఫైల్ పేరు, పేజీ లింక్, బొమ్మల వెనక రాసే వివరణ, పీడీఎఫ్ ప్రాపర్టీస్ కూడా వెతికి క్లయింట్ పేరు తీసేశాను. చివరికి ఆ పీడీఎఫ్ మీద నేనే Ctrl+A కొట్టి చూసుకున్నాను.

అప్పటికీ ఒక అనుమానం మిగిలింది. ఫోటో దగ్గర యాప్ ఆగిపోయేదన్న మాట కూడా వాళ్ల లోపలి సంగతే కదా. అందుకని పేజీ బయట పెట్టకుండా ముందు వాళ్లకే పంపాను. "నా పని చూపించుకోవచ్చా?" అని అడిగితే ఎవరైనా వద్దనే అంటారు, ఏం చూపిస్తామో వాళ్లకు తెలియదు కదా. నేను ఇలా రాశాను:

"సార్, జత చేసిన రెండు పేజీలను నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవాలనుకుంటున్నాను. మీ పేరు, లోగో, అంకెలు ఇందులో లేవు. తీసేయాల్సిన వాక్యం ఏదైనా ఉంటే గుర్తు పెట్టి పంపండి. అభ్యంతరం లేకపోతే ఈ మెయిల్‌కే అవునని జవాబివ్వగలరు. జవాబు వచ్చేదాకా బయట పెట్టను."

వారం దాటాక జవాబొచ్చింది. ఒక వాక్యం మీద గీత పెట్టారు, నేను అనుమానపడ్డ వాక్యమే. దాన్ని "ఫోటో పంపడంలో ఇబ్బందులు తగ్గించాం" అని మార్చాను, ఒప్పుకున్నారు. ఆ మెయిల్‌ను పీడీఎఫ్ చేసి ఒప్పందం ఉన్న ఫోల్డర్‌లోనే దాచాను. ఒప్పందం ప్రకారం అనుమతి ఎవరు ఇవ్వాలో కూడా చూసుకోండి, సంతకం పెట్టినవాళ్లు ఇస్తేనే మేలు. మీరు ఏదైనా ఏజెన్సీ ద్వారా పని చేసి ఉంటే అడగాల్సింది ఏజెన్సీనే, అసలు క్లయింట్‌తో ఒప్పందం ఉన్నది వాళ్లకే.

మౌనంగా ఉన్నారంటే ఒప్పుకున్నట్టు కాదు. రెండుసార్లు గుర్తు చేసినా జవాబు రాకపోతే, లేదా వద్దంటే, ఆ పని వదిలేసి అదే నైపుణ్యం కనిపించేలా సొంతంగా ఒకటి చేయండి. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మీకు తెలిసిన మందుల దుకాణం ఉంటే, ఆ యజమానిని అడిగి, స్టాక్ రాసుకునే పుస్తకం బదులు ఒక చిన్న యాప్ గీయండి. ఇంటర్వ్యూలో క్లయింట్ పేరు అడిగితే "ఒప్పందం ఉంది, చెప్పలేను" అనండి. ఆ విశాఖ సంఘటన తర్వాత నేను నాలుగైదు చోట్ల అదే మాట చెప్పాను, ఎవరూ రెండోసారి అడగలేదు.